ఐఫోన్ వీడియో ఇంట్లో టీవీకి ఎందుకెక్కదు?

సంక్రాంతి సెలవులకు అమెరికా నుంచి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు అమ్మానాన్నల చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెడతారు. ‘గృహప్రవేశం వీడియోలన్నీ ఇందులో వేశాను, టీవీకి పెట్టుకుని చూడండి’ అంటారు. అసలు సంగతి వాళ్లు విమానం ఎక్కాక బయటపడుతుంది. హాల్లో ఉన్న పదేళ్లనాటి స్మార్ట్ టీవీకి ఆ పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డరు ఖాళీగా కనిపిస్తుంది. లేదంటే ఫైలు పేరు కనిపిస్తుంది కానీ, నొక్కగానే ఈ ఫార్మాట్ ఆడదని సందేశం వస్తుంది. ఇంకొన్ని టీవీల్లో పంతులుగారి మంత్రాలు, సన్నాయి చక్కగా వినిపిస్తాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. పోనీ కంప్యూటర్లో చూద్దామంటే అందులో ఉన్నది విండోస్ 7. దాని మీడియా ప్లేయర్ ఈ ఫైలుకు కావలసిన కోడెక్ లేదని చేతులెత్తేస్తుంది.

ఫైలు పాడైపోలేదు, పెన్‌డ్రైవూ చెడిపోలేదు. ఆ వీడియోను ఫోన్ దాచిన పద్ధతి ఈ పాత యంత్రాలకు తెలియదు, అంతే. వాటికి తెలిసిన పద్ధతిలోకి మార్చడం ఉచితంగా, ఇంట్లోనే చేసుకోగల పని. కాకపోతే ఏది మార్చాలో ముందు తెలియాలి. చాలామంది మార్చకూడనిది మారుస్తారు.

ఐఫోన్ వీడియో పేరు `IMG_4512.MOV` అన్నట్టుగా ఉంటుంది. చివరి మూడక్షరాలు చూసి తప్పంతా ఎంఓవీదే అనుకుంటారు. ఊళ్లో జిరాక్స్ షాపులో అడిగితే ‘పేరు చివర ఎంపీ4 అని మార్చెయ్యండి సార్, ఆడుద్ది’ అని సలహా కూడా దొరుకుతుంది. ఎంఓవీ అనేది పెట్టె మాత్రమే. 1991లో ఆపిల్ తన క్విక్‌టైమ్ కోసం తయారుచేసింది. తర్వాత వచ్చిన ఎంపీ4 కూడా దాని పోలికలోనే పుట్టింది. పెట్టెలో బొమ్మ ఒకచోట, ధ్వని ఒకచోట ఉంటాయి. ఆ బొమ్మను ఎలా కుదించారన్నది వేరే సంగతి. దాన్ని కోడెక్ అంటారు. ఐఫోన్ వాడే కోడెక్ హెచ్‌ఇవిసి, దానికే హెచ్.265 అని మరో పేరు. డబ్బా మీద కందిపప్పు అని కాగితం అతికించినంత మాత్రాన లోపలి శనగపప్పు కందిపప్పు కాదు. పేరు చివర ఎంపీ4 అని పెట్టినా అంతే. మహా అయితే ఖాళీగా కనిపించిన ఫోల్డరులో ఇప్పుడు ఫైలు పేరు కనబడుతుంది. నొక్కితే మళ్లీ అదే నల్ల తెర.

ఆపిల్ ఇలా ఎందుకు చేసిందంటే చోటు కోసం. పాత కోడెక్ హెచ్.264 ప్రమాణంగా వచ్చింది 2003లో, హెచ్‌ఇవిసి వచ్చింది 2013లో. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు ఐఫోన్ 7, ఆ తర్వాతి ఫోన్లు ఈ కొత్త పద్ధతికి మారాయి. ఆపిల్ తన ఫోన్లోనే చూపించే లెక్క ప్రకారం ఒక నిమిషం 4కె వీడియో, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున, హెచ్‌ఇవిసిలో 170 ఎంబీ పడుతుంది. అదే హెచ్.264లో అయితే 350 ఎంబీ. సగానికి సగం ఆదా. ఫోన్ నిండిపోయిందని రోజూ గోల పెట్టేవాళ్లకు అది చిన్న విషయం కాదు కాబట్టి ఆపిల్‌ను పూర్తిగా తప్పుపట్టలేం. కానీ అలా కుదించిన బొమ్మను మళ్లీ విప్పడానికి ఎక్కువ లెక్కలు చేయాలి. ఆ లెక్కలు చేసే ఏర్పాటు చిప్‌లోనే ఉంటే హాయిగా ఆడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో అది ఆరో తరం నుంచి, అంటే 2015 నుంచి మొదలైంది. పది బిట్ల వీడియోకైతే ఏడో తరం కావాలి. పదేళ్లు దాటిన ఫుల్ హెచ్‌డీ టీవీల్లో చాలావాటికి హెచ్.264 తప్ప ఇంకోటి తెలియదు.

విండోస్ 10లో అయితే ఇంకో తిరకాసు ఉంది. కంప్యూటర్ బలంగానే ఉన్నా, హెచ్‌ఇవిసికి పేటెంట్ రుసుములు ఉన్నందువల్ల మైక్రోసాఫ్ట్ దాన్ని విడిగా అమ్ముతోంది. స్టోర్‌లో `HEVC Video Extensions` అనే పేరుతో కొద్దిపాటి ధరకు దొరుకుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కంపెనీవాళ్లే వేసి ఇస్తారు. అది వేసుకుంటే విండోస్ 10 వాళ్ల సమస్య చాలావరకు తీరుతుంది. విండోస్ 7కు అది రాదు. దానికి విఎల్‌సి ప్లేయర్ ఉంది, ఉచితం, హెచ్‌ఇవిసి తెరుస్తుంది కూడా. కానీ పాత కోర్ టూ డుయో మీద 4కె వీడియో పెడితే ధ్వని ముందు పోతుంది, బొమ్మ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. ఒక్క కంప్యూటర్లోనే చూడాలి, వీడియో 1080పి మాత్రమే అయితే విఎల్‌సి వేసుకుని ఊరుకోవచ్చు. టీవీలో చూడాలంటే మాత్రం మార్చక తప్పదు.

మార్చే ముందు లోపల ఏముందో చూడాలి. దానికీ విఎల్‌సియే చాలు. వీడియో తెరిచి, కీబోర్డు మీద కంట్రోల్, జె కలిపి నొక్కితే ఒక చిన్న కిటికీ వస్తుంది. అందులో కోడెక్ ఎదురుగా `H264` అని ఉంటే మీ సమస్య పెట్టెతోనే, కోడెక్‌తో కాదు. `HEVC` లేదా `hvc1` అని కనిపిస్తే అసలు పని ఉంది. అక్కడే 3840, 2160 అంకెలు ఉంటే అది 4కె. రంగుల దగ్గర `BT.2020` అన్నది కనిపిస్తే దాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దానితో పని పడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫోన్ ఐఫోన్ 15, సత్యనారాయణ వ్రతం వీడియో 14 నిమిషాలు, 4కె, సెకనుకు 30 ఫ్రేములు. నిమిషానికి 170 ఎంబీ లెక్కన సుమారు 2.4 జీబీ. చూడాల్సినది తెనాలిలోని తాతయ్య ఇంట్లో, పాత ఫుల్ హెచ్‌డీ టీవీలో. మార్చే పని మనవడి ల్యాప్‌టాప్‌లో, విండోస్ 10 మీద. ఈ ఏర్పాటు కావాలనే చెబుతున్నాను. తాతయ్యగారి విండోస్ 7 మీద మార్చబోతే ముందు సాఫ్ట్‌వేరే ఎక్కదు. మార్చడం కొత్త మిషన్‌లో, చూడడం పాత మిషన్‌లో అన్నది మంచి పద్ధతి.

మొదట ఫైలును ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు తేవాలి. సగం మంది ఇక్కడే ఆగిపోతారు. కేబుల్ పెట్టి కాపీ చేస్తుంటే మధ్యలో `A device attached to the system is not functioning` అని వస్తుంది. కేబుల్ మార్చి, పోర్టు మార్చి విసిగిపోతారు. తరచుగా దీనికి కారణం ఫోన్లోని ఒక అమరిక. సెట్టింగ్స్‌లో ఫోటోస్ విభాగం అట్టడుగున `Transfer to Mac or PC` అని ఉంటుంది. కొత్త ఐఓఎస్‌లలో ఫోటోస్ విభాగం యాప్స్ లోపలికి వెళ్లింది. అక్కడ `Automatic` ఉంటే, కాపీ అవుతుండగానే ఫోన్ తానే వీడియోను హెచ్.264లోకి మార్చి పంపాలని చూస్తుంది. రెండు నిమిషాల వీడియోకైతే అది బాగానే పనిచేస్తుంది, కొందరికి ఈ వ్యాసంలో మిగతాదేదీ అక్కర్లేకుండా పోతుంది కూడా. పెద్ద వీడియో దగ్గర మాత్రం ఫోన్ ఆలస్యం చేస్తుంది, విండోస్ అంతసేపు ఆగలేక లైను తెంచేస్తుంది. `Keep Originals` అని మార్చండి. అసలు ఫైలు ఉన్నదున్నట్టుగా వచ్చేస్తుంది.

ఫోల్డరులో మూడు సెకన్ల ఎంఓవీలు డజన్లకొద్దీ కనిపిస్తే కంగారు పడకండి. అవి లైవ్ ఫోటోల తాలూకు తునకలు, వాటిని మార్చే పని లేదు. `IMG_E4512.MOV` అని పేరులో ఇ ఉన్నది ఫోన్లో ఎడిట్ చేసిన ప్రతి. కత్తిరించిన వీడియో కావాలంటే దాన్నే తీసుకోవాలి. అసలు ఫైలే కనబడకపోతే అది ఫోన్లో కాక ఐక్లౌడ్‌లో ఉండి ఉంటుంది. ముందు ఫోన్లోకి దించుకోవాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే హెచ్.264 అయి వస్తుంది, టీవీలో ఆడుతుంది కూడా. కాకపోతే బొమ్మ బాగా కుదించుకుపోతుంది, పెద్ద తెర మీద ముఖాలు అలుక్కుపోతాయి. నాణ్యత కోసం డాక్యుమెంట్‌గా పంపితే హెచ్‌ఇవిసి అలాగే వస్తుంది, కథ మళ్లీ మొదటికే.

ఇక మార్చడం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాని అధికారిక సైటు `handbrake.fr` నుంచే దించుకోండి. అదే పేరుతో దొంగ సైట్లు ఉన్నాయి, జాగ్రత్త. వీడియోను హ్యాండ్‌బ్రేక్ కిటికీలోకి లాగి వదిలితే అది ఒకసారి చదువుకుంటుంది. ముందే కట్టిపెట్టిన అమరికల జాబితాలో `Fast 1080p30` అన్నదాన్ని ఎంచుకోండి. పెట్టె ఎంపీ4, కోడెక్ హెచ్.264, ధ్వని ఏఏసీ, కొలత 1080పి అన్నీ దానితోనే కుదిరిపోతాయి. 4కెని 1080పికి దించడం చాలామందికి నచ్చదు, అంత మంచి వీడియోను పాడుచేయడం ఎందుకంటారు. ఆ టీవీ తెర మీద ఉన్న చుక్కలే 1920 అడ్డం, 1080 నిలువు. అంతకుమించి పంపినా చూపించడానికి దానికి చోటు లేదు. పైగా ఆ కాలపు టీవీ చిప్‌లు హెచ్.264ని కూడా 1080పి వరకే విప్పగలవు. కోడెక్ మార్చి కొలత 4కెగానే ఉంచితే మళ్లీ ఆడదు. శ్రమపడి మార్చినా ఆడలేదనేవాళ్లలో చాలామంది జారేది ఇక్కడే.

వీడియో ట్యాబ్‌లో ఒక్క మార్పు చేయాలి. ఐఫోన్ సెకనుకు 30 ఫ్రేములు అని చెప్పినా ఖచ్చితంగా 30 తీయదు. వెలుతురును బట్టి, పనిభారాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. కొన్ని పాత ప్లేయర్లకు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు ఈ ఎగుడుదిగుడు అర్థం కాదు. మొదట్లో అంతా బాగానే ఉండి, పది నిమిషాలు గడిచేసరికి పెదవులు ఒకచోట, మాట ఒకచోట అవుతాయి. ఫ్రేమ్‌రేట్ కింద ఉన్న `Peak Framerate` తీసి `Constant Framerate` పెడితే ఆ బాధ ఉండదు. పక్కనే నాణ్యత మీట 22 దగ్గర ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. దీపాలు, పూలు, జరీ చీరలు కదిలే వ్రతం వీడియోకి నేనైతే 20 పెడతాను. అంతకన్నా తగ్గించినా ఆ టీవీలో తేడా తెలియదు.

ఇప్పుడు ఇందాకటి `BT.2020` సంగతి. ఐఫోన్ 12 నుంచి ఫోన్లు హెచ్‌డీఆర్‌లో వీడియో తీస్తున్నాయి. డాల్బీ విజన్ అని ఆపిల్ చెప్పుకునేది దీన్నే. మామూలు వీడియో ప్రతి రంగుకు ఎనిమిది బిట్లు కేటాయిస్తే ఇది పది కేటాయిస్తుంది. వెలుగునీడలు కూడా వేరే లెక్కతో దాస్తుంది. ఫోన్ తెర మీద దీపం నిజంగా వెలుగుతున్నట్టు కనిపించేది అందుకే. ఆ లెక్క తెలియని టీవీకి ఇదే వీడియోను ఎనిమిది బిట్లలోకి కుదించి ఇచ్చారనుకోండి. వీడియో ఆడుతుంది, కానీ రంగులు వెలిసిపోయి ఉంటాయి. పసుపు బట్టలు గోధుమ రంగులో, కుంకుమ ఇటుకపొడిలా కనిపిస్తాయి, ముఖాల మీద సన్నని బూడిదపొర కప్పినట్టు ఉంటుంది. టీవీ పాతదైపోయిందని జనం అపార్థం చేసుకుంటారు. కొందరు రిమోట్ తీసుకుని కలర్ పెంచుతారు, అప్పుడు అంతా నారింజ రంగు అవుతుంది.

రంగులను కొత్త లెక్కలోంచి పాత లెక్కలోకి సరిగా దించడాన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్ ట్యాబ్‌కు వెళ్లి, కలర్‌స్పేస్ అన్నచోట `BT.709` ఎంచుకుంటే ఆ పని అదే చేస్తుంది. ఈ ఒక్క మీట సంగతి తెలియకపోవడం వల్ల వెలిసిపోయిన పెళ్లి వీడియోలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో! హెచ్‌డీఆర్‌లో తీయని వీడియోకి దీన్ని ముట్టుకోనక్కర్లేదు.

అన్నీ అమర్చాక 14 నిమిషాలూ ఒకేసారి మార్చకండి. పైన రేంజ్ అన్నచోట అధ్యాయాలకు బదులు సెకన్లు ఎంచుకుని, 0 నుంచి 30 వరకు మాత్రమే మార్చండి. ఆ అర నిమిషం ముక్కను పెన్‌డ్రైవ్‌లో వేసి తాతయ్య టీవీలో పెట్టి చూడండి. బొమ్మ వచ్చిందా, ధ్వని వచ్చిందా, రంగులు ఫోన్లో చూసినట్టే ఉన్నాయా, నిలువుగా తీసినది నిటారుగా ఉందా? నిలువు వీడియోలో ఫోన్ బొమ్మను పక్కకే దాచి, తిప్పి చూపమని ఒక చీటీ రాసిపెడుతుంది. పాత ప్లేయర్లు ఆ చీటీ చదవవు. హ్యాండ్‌బ్రేక్ బొమ్మనే తిప్పేసి ఇస్తుంది కాబట్టి టీవీలో రెండు పక్కలా నలుపు వస్తుందే తప్ప మనుషులు పడుకుని కనిపించరు. నాలుగూ సరిగా ఉంటే అప్పుడు రేంజ్ మళ్లీ మొత్తానికి పెట్టి మొదలుపెట్టండి. పాత ఐ5 ల్యాప్‌టాప్ మీద 4కె హెచ్‌డీఆర్ మార్పిడికి వీడియో నిడివికి రెండు మూడింతల సమయం పట్టినా ఆశ్చర్యం లేదు. చార్జర్ పెట్టి, స్లీప్ మోడ్ ఆపి, భోజనానికి వెళ్లిరండి. 2.4 జీబీల వ్రతం ఒక జీబీకి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. ఎంత కదలిక ఉంటే అంత పెరుగుతుంది.

పెన్‌డ్రైవ్ గురించి ఒక మాట. పాత టీవీలు ఎక్కువగా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌నే చదువుతాయి. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. అసలు 4కె వీడియో అయితే 24 నిమిషాలకే ఆ గీత దగ్గరికి చేరుతుంది. పెద్ద ఫైలును కాపీ చేయబోతే డ్రైవ్‌లో చోటు ఉన్నా పట్టదని విండోస్ మొండికేసేది ఇందుకే. 1080పికి దించితే ఈ చిక్కు కూడా చాలావరకు పోతుంది. 32 జీబీ లేదా అంతకన్నా చిన్న డ్రైవ్ కొనుక్కోండి. పెద్దదాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయడానికి విండోస్ మామూలు మెనూలో అవకాశం ఉండదు.

టీవీ కొత్తదే, హెచ్‌ఇవిసి ఆడుతుంది, కానీ ఎంఓవీ పెట్టెను మాత్రం గుర్తించదు అనే సందర్భమూ ఉంటుంది. అప్పుడు గంటల తరబడి మార్చడం దండగ. లోపలి సరుకు కదపకుండా పెట్టె మాత్రం మారిస్తే చాలు. దానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత పరికరంలో ఈ ఒక్క వాక్యం:

```
ffmpeg -i IMG_4512.MOV -map 0:v:0 -map 0:a:0 -c copy -tag:v hvc1 IMG_4512.mp4
```

రెండు `map` మాటలు మొదటి బొమ్మనూ మొదటి ధ్వనినీ మాత్రమే తీసుకోమంటాయి, ఐఫోన్ అదనంగా చేర్చే జాడలను వదిలేస్తాయి. `copy` అంటే ఉన్నదున్నట్టు. రెండు జీబీల ఫైలైనా నిమిషంలోపే అయిపోతుంది, నాణ్యతలో రవ్వంత తేడా రాదు. విఎల్‌సిలో `H264` అని కనిపించిన ఫైలుకు కూడా ఇదే చాలు, `-tag:v hvc1` అన్నది మాత్రం తీసేయాలి.

ఇంటర్నెట్‌లో అప్‌లోడ్ చేస్తే మార్చి ఇచ్చే సైట్లు బోలెడు ఉన్నాయి. రెండు జీబీలు ఎక్కించడానికి పట్టే సమయంలో ఇంట్లోనే మార్చుకోవచ్చు. పైగా ఇంటి ఆడపడుచులు, పిల్లలు ఉన్న వీడియోను ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ల సర్వర్‌లో పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

తీసేటప్పుడే జాగ్రత్తపడలేమా అంటే పడొచ్చు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ కింద `Most Compatible` ఎంచుకుంటే ఫోన్ హెచ్.264లో తీస్తుంది. రికార్డ్ వీడియో కింద 1080పి, 30 ఫ్రేములు పెట్టి, హెచ్‌డీఆర్ ఆపేస్తే పాత టీవీకి మార్పిడి దాదాపు అక్కర్లేదు, పై వాక్యంతో పెట్టె మారిస్తే చాలు. ఆపిల్ లెక్కలోనే నిమిషానికి 130 ఎంబీ అవుతుంది. అదే 1080పి హెచ్‌ఇవిసిలో 60 ఎంబీ. తాతయ్య కోసమని తీసే చిన్న వీడియోలకు ఇది బాగుంటుంది. పెళ్లికి, ఉపనయనానికి మాత్రం నేను ఈ సలహా ఇవ్వను. అవి 4కెలోనే తీసి, తర్వాత మార్చుకోవడమే మేలు. ఎందుకంటే ఈ టీవీ ఇంకెన్నాళ్లో ఉండదు, ఆ వీడియో ఉండాలి.

అందుకే మార్చిన ఎంపీ4 టీవీలో బ్రహ్మాండంగా ఆడిందని అసలు ఎంఓవీని తుడిచెయ్యకండి. 4కె నుంచి 1080పికి ఎన్నిసార్లయినా దిగవచ్చు, కిందికి దిగినదాన్ని మళ్లీ పైకి ఎక్కించే దారి లేదు. మార్చిన ఫైలు మీద కనిపించే తేదీ మార్చిన రోజుది, వ్రతం రోజుది కాదు. కాబట్టి ఫైలు పేరులోనే అసలు తేదీ, సందర్భం రాసి పెట్టండి. అసలు ఫైళ్లను ఒక హార్డ్ డిస్క్‌లో వేసి, ఇంకో ప్రతిని ఇంకోచోట ఉంచండి.